మా హాల్లో టైల్సు లేచిన రోజు

2022 మే నెల. మధ్యాహ్నం మూడు దాటింది. మాగాయకి మామిడికాయ ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, డాబా మీద ఎండబోసి వచ్చి అప్పుడే నడుం వాల్చాను. హాల్లోంచి 'ఢాం' మని చప్పుడు! కుక్కరు సేఫ్టీ వాల్వు పేలిందనుకుని ఉలిక్కిపడి లేచాను. తీరా చూస్తే పొయ్యి మీద కుక్కరే లేదు. ఆ వెనకే ఎవరో అప్పడాలు నలిపినట్టు కరకరమని శబ్దం. హాల్లోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. నేల మధ్యలో రెండు వరుసల టైల్సు ఒకదానికొకటి ఆనుకుని, పేకముక్కలతో పిల్లలు కట్టే ఇల్లులాగా, పైకి లేచి నిలబడి ఉన్నాయి!

మాది విజయవాడ. మా ఊరి ఎండల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఎండకి మనుషులు సొమ్మసిల్లడం చూశాం గానీ నేల లేవడం ఎక్కడైనా చూశామా? మావారు భూకంపం అన్నారు. మా అత్తగారు వాస్తు అన్నారు. పక్కింటి పిన్నిగారు కింద పాముపుట్ట ఉందేమో చూడమన్నారు. నేను మాత్రం ఏమీ ఆలోచించకుండా ఒకే మాట అన్నాను. "ఇదంతా ఆ మేస్త్రి నిర్వాకం."

ఆ మాట అన్నందుకే ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మేస్త్రి మా ఇంటికి కొత్తవాడు కాదు. 2018లో మేం ఇల్లు కట్టినప్పుడు మొత్తం టైల్సు పని ఆయనే చేశాడు. ఆ నెలలోనే పైన అద్దెకిచ్చే వాటాలో బాత్‌రూము పని కూడా చేస్తున్నాడు. ఆరు వేలు ఇవ్వాల్సి ఉంది. "ముందు హాలు సంగతి తేల్చు, తర్వాత డబ్బు" అని నేనే ఆపేయించాను. ఆయన వచ్చి నేల చూసి, తల గోక్కుని, "ముప్పై ఏళ్ళ నుంచి ఇట్టాగే వేస్తన్నానమ్మా, ఎక్కడా లేవలేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనేశాను. ఆయన మారు మాట్లాడకుండా సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. సివిల్ ఇంజనీరు, అపార్టుమెంట్లు కట్టే చోట పని చేస్తాడు. వస్తూనే, "అత్తయ్యా, ముందు ఆ లేచినవాటి దగ్గరికి ఎవర్నీ పోనివ్వకు. కాలితో తొక్కి కిందికి నొక్కుదామని చూడొద్దు" అన్నాడు. నిజానికి నేను అప్పటికే చీపురు కట్టతో ఒకసారి నొక్కి చూశాను. అవి బిగుసుకుపోయిన విల్లులాంటివట. నొక్కితే ఇంకోచోట పగిలి ముక్కలు ఎగరొచ్చు, అంచులు గాజుపెంకుల్లా కోసుకుపోతాయి. మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలా జరిగితే ముందు పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఆ గదిలోంచి పంపించి, కిటికీ కర్టెన్లు వేసేయండి. మిగతా సంగతి తర్వాత.

వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న విని ఆశ్చర్యపోయాను. "ఈమధ్య మధ్యాహ్నాలు నేలలోంచి టిక్కు టిక్కుమని ఏమైనా వినబడిందా?" వినబడింది! పదిహేను రోజులుగా వింటున్నాను, బల్లి అనుకున్నాను. "జాయింట్లలోంచి తెల్లటి పొడి రాలిందా?" రాలింది. ఊడ్చిన ప్రతిసారీ బియ్యప్పిండిలా వస్తుంటే పనమ్మాయి ముగ్గు తొక్కి వచ్చిందని దాన్ని కోప్పడ్డాను. తడిబట్ట పెట్టేటప్పుడు ఒకచోట బట్ట అంచుకి తగులుకోవడం కూడా గుర్తొచ్చింది. అంటే నేల పదిహేను రోజుల ముందే చెప్పింది, మనమే వినలేదన్నమాట.

తర్వాత వాడు వంటింట్లోంచి పప్పుగుత్తి తెమ్మన్నాడు. దాని పిడితో హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కో టైలునీ నాలుగు మూలలా, నడిమధ్యా కొట్టుకుంటూ పోయాడు. మాది ఇరవై అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు హాలు. రెండడుగుల పలకలు, పొడవున పది, అడ్డంగా ఏడు, మొత్తం డెబ్భై. గట్టిగా అతుక్కున్న దాని మీద కొడితే 'టక్' మని మొద్దు శబ్దం వస్తుంది. అతుక్కోని దాని మీద ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు 'డబ్' మంటుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు కొట్టి చూసే చెవి మనకి ఉందిగా, అదే చాలు. డబ్ మన్న చోటల్లా ముగ్గు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాడు. లేచిన రెండు వరుసల పద్నాలుగూ కాక ఇంకో పంతొమ్మిదింటికి గుర్తులు పడ్డాయి. అవన్నీ పైకి చక్కగా, నిగనిగలాడుతూ కూర్చున్నవే!

"అయితే అవన్నీ కూడా లేస్తాయా?" అని గుండె పట్టుకున్నాను. అలా ఏం లేదట. ఒకటీ అరా ఒంటరిగా డబ్ మంటే, కాలు పెట్టినప్పుడు కదలకపోతే, ఏళ్ళ తరబడి అలాగే ఉండొచ్చు. పక్కపక్కన నాలుగైదు ఒకేలా మోగుతూ, జాయింట్లు పొడి రాలుతూ, అంచు చేతికి తగులుతుంటే మాత్రం ఊరుకోకూడదు.

అప్పుడు లేచిన పలకల్లో ఒకదాన్ని గోనెపట్టా చుట్టి మెల్లగా తీసి, వెనక్కి తిప్పి చూపించాడు. "చూడత్తయ్యా, ఏం కనబడుతోంది?" ఏమీ కనబడలేదు. అంత శుభ్రంగా ఉంది. నాన్‌స్టిక్ పెనం మీంచి తీసిన దోసె వెనకవైపులా, ఒక్క సిమెంటు పలుకు అంటుకుని లేదు. కింద నేల మీదేమో టైలు వెనక ఉన్న గళ్ళ గుర్తు అచ్చు పోసినట్టు సిమెంటులో పడి ఉంది. నాలుగేళ్ళు దాని మీద కూర్చుందే గానీ దాన్ని పట్టుకోలేదు.

ఎందుకు పట్టుకోలేదన్నది తెలుసుకోవాల్సిన సంగతి. మన అమ్మమ్మల ఇళ్ళల్లో నాపరాళ్ళు, షాబాదు బండలు, తర్వాత మొజాయిక్ బిళ్ళలు వేసేవాళ్ళు. వాటికి నీళ్ళు పీల్చుకునే గుణం ఉంది. ఇసుకా సిమెంటూ కలిపిన మాలు పరిచి, పైన చిక్కటి సిమెంటు పాలు పోసి, బండ పెట్టి రబ్బరు సుత్తితో కొడితే ఆ పాలు బండలోని సన్నటి రంధ్రాల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడి వేళ్ళూనినట్టు పట్టుకునేవి. ఇప్పుడు మనం మోజుపడి కొనే విట్రిఫైడ్ టైల్సు అలాంటివి కావు. వాటిని బాగా ఎక్కువ వేడిమీద కాల్చి దాదాపు గాజులా చేస్తారు. తమ బరువులో నూటికి అర వంతు నీళ్ళు కూడా పీల్చవు. మరక పడదు, తుడిస్తే పోతుంది అని మనం మెచ్చుకునేది ఆ గుణాన్నే. మరక లోపలికి పోనిది సిమెంటు పాలు మాత్రం ఎలా పోతాయి చెప్పండి? అద్దం వెనక సున్నం రాసినట్టే ఉంటుంది.

పైగా ఆ టైల్సు వెనక తెల్లటి పొడి ఒకటి ఉంటుంది. కొలిమిలో పలకలు రోలర్లకి అంటుకోకుండా పూసిన పూత అది. గారెలు చేతికి అంటకుండా మనం తడి చేసుకుంటాం చూడండి, అదే పని. కొత్త టైలు వెనక వేలితో రాస్తే వేలికి అంటుతుంది. దాన్ని తడిగుడ్డతోనో బ్రష్షుతోనో తుడిచి ఆరనిచ్చి గానీ వేయకూడదు. మా ఇంట్లో ఎవరూ తుడవలేదు. తుడవాలని ఎవరికీ తెలియదు కూడా.

ఈ టైల్సుకి సిమెంటు పాలు కాకుండా టైల్ అడ్హెసివ్ అని బస్తాల్లో వస్తుంది, అది వాడాలి. చూడ్డానికి సిమెంటులాగే ఉంటుంది గానీ అందులో జిగురు గుణమిచ్చే పాలిమర్లు కలిపి ఉంటాయి. బస్తా మీద ఐ.ఎస్. 15477 అని మన దేశపు ప్రమాణం నంబరూ, ఏ రకం టైలుకి పనికొస్తుందో ఆ వివరమూ ఉంటాయి. మామూలు సిరామిక్ టైల్సుకి సరిపోయే రకం ఇలాంటి గాజు టైల్సుకి సరిపోకపోవచ్చు. కొట్టువాడు ఇచ్చింది తెచ్చుకోకుండా చదివి తెచ్చుకోండి.

ఇక్కడిదాకా విన్నాక నాకు ప్రాణం హాయిగా అనిపించింది. చూశావా, తప్పంతా మేస్త్రిదే అని తేలిపోయింది అనుకున్నాను. "అది సగమే అత్తయ్యా" అన్నాడు వాడు. "అతుక్కోకపోతే కదులుతుంది, డబ్ మంటుంది. అంతే. లేచి నిలబడాలంటే దాన్ని ఎవరో పక్కనుంచి నెట్టాలి. ఎవరు నెట్టారో చూద్దాం."

రెండు పోస్టుకార్డులు తెమ్మన్నాడు. ఇప్పుడు పోస్టుకార్డులెక్కడివి? పెళ్ళి శుభలేఖలు రెండు ఇచ్చాను. వాటిని బల్ల మీద అంచుకి అంచు ఆనించి పరిచాడు. రెండు చివరలా రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి, ఒక పుస్తకాన్ని గోటితో వెంట్రుకవాసి లోపలికి జరిపాడు. చటుక్కున శుభలేఖలు మధ్యలో గుడారంలా లేచాయి. అచ్చు మా హాలే! మీరూ చేసి చూడండి. జరిగింది కంటికి ఆననంత, లేచింది మాత్రం వేలెడంత.

దాని లెక్క కూడా చెప్పాడు, ఇది ఒక్కటే లెక్క, భయపడకండి. మా హాలు పొడవు 6 మీటర్లు. పడమటి వైపు పెద్ద కిటికీ. పొద్దున 28 డిగ్రీలున్న నేల, మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే 48 అయిందనుకోండి. ఇరవై డిగ్రీల వేడికి 6 మీటర్ల టైల్సు వరుస పెరిగేది ఎంతో తెలుసా? 0.8 మిల్లీమీటరు. మన తాళిబొట్టు రేకు మందం కూడా ఉండదేమో! కానీ ఆ 0.8 మిల్లీమీటరుకి పక్కకి పోయేందుకు చోటు లేకపోతే, రెండడుగుల పలకలు రెండు ఎదురెదురుగా లేస్తే, వాటి కొప్పు సుమారు 2 సెంటీమీటర్లు పైకి వస్తుంది. అంటే ముప్పాతిక అంగుళం పైనే.

ఎండొక్కటే కాదట నెట్టేది. కొత్తగా పోసిన కాంక్రీటు, దాని మీద పరిచిన మాలు ఆరేకొద్దీ నెలల తరబడి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం ముడుచుకుపోతాయి. పచ్చి అరటికాయ చిప్సు ఎండితే ముడుచుకున్నట్టు, అంత కాకపోయినా మీటరుకి కొన్ని పదోవంతుల మిల్లీమీటర్లు. పైనున్న టైలు కాలిన గాజు, అది ముడుచుకోదు. కింది పరుపు చిన్నదవుతుంటే పైన పడుకున్నవాళ్ళు ఒకర్నొకరు నొక్కుకోరూ? అందుకే హడావిడిగా గృహప్రవేశం ముహూర్తానికి పచ్చి నేల మీదే వేసేసిన టైల్సు ఎక్కువ లేస్తాయి. మా ముహూర్తం దసరా. హాల్లో మాలు పరిచి టైల్సు వేసింది దానికి రెండు వారాల ముందు! చలికాలం తెల్లవారుజామున కూడా కొన్నిచోట్ల టైల్సు లేస్తాయని విన్నాను, ఆ లెక్కా ఇదే. చలికి కాంక్రీటు టైలు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది.

"మరి అందరిళ్ళల్లో ఎండ పడుతుంది, అందరి కాంక్రీటూ ముడుచుకుంటుంది. అందరివీ లేవాలిగా?" అన్నాను నేను. ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, గోడ పక్కన ఒక స్కర్టింగ్ పలకని ఊడదీసి చూపించాడు. టైలు అంచు తిన్నగా గోడకి గుద్దుకుని ఉంది. మధ్యలో దారమంత సందు ఉంటే అందులోనూ సిమెంటు కూరి ఉంది. టైలుకీ టైలుకీ మధ్య అసలు సందే లేదు, కాగితం కూడా దూరదు. "చూశావా అత్తయ్యా, పుస్తకాలు ఇవీ," అని రెండువైపుల గోడలూ చూపించాడు. "గోడ దగ్గర చుట్టూ 8 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. స్కర్టింగ్ కింద దాగిపోతుంది, ఎవరికీ కనబడదు. టైల్సు మధ్య కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల జాయింటు ఉండాలి. దానికోసం ప్లాస్టిక్ స్పేసర్లు, కూడిక గుర్తులాంటివి, దోసెడు వంద రూపాయలు కూడా ఉండవు. ఎందుకు పెట్టలేదసలు? పెద్ద మేస్త్రి అంటున్నావుగా, ఆయన తేలేదా?"

నాకు నోట మాట రాలేదు.

తెచ్చాడు. నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. హాల్లో మొదటి వరుస వేసే రోజు, ఆ మేస్త్రి చిన్న పాలిథిన్ సంచీలో తెల్లటి కూడిక గుర్తులు తెచ్చి చూపించాడు. "ఇవి పెట్టి వేస్తానమ్మా, సన్నగా గీత వస్తది" అన్నాడు. "వద్దు మేస్త్రీ, ఆ గీతల్లో మురికి చేరి నల్లగా తయారవుతుంది, తోమలేక నా చేతులు పడిపోతాయి. మా తోటికోడలి హాలు చూశావా, ఒకే పలక పరిచినట్టు ఉంటుంది, అలా వెయ్యి" అన్నాను. ఆయన రెండోసారి కూడా అన్నాడు, "కొంచెం సందు ఉంటే మంచిదమ్మా" అని. "నే చెప్పినట్టు వెయ్యి" అన్నాను. సంచీ మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

నాలుగేళ్ళ తర్వాత ఆయన్ని నిలబెట్టి కడిగేసినప్పుడు, ఆ మనిషి ఈ మాట ఎత్తవచ్చు. ఎత్తలేదు. మావారి ముందు, అత్తగారి ముందు నన్ను తక్కువ చేయడం ఇష్టంలేకనో, మర్చిపోయో నాకు తెలియదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మావారికి జరిగింది చెప్పేశాను. ఆయన ఏమీ అనకుండా ఆరు వేలు లెక్కపెట్టి కవర్లో పెట్టి, "రేపు నువ్వే ఇవ్వు" అన్నారు.

ఇచ్చాను. పొద్దున్నే ఫోను చేసి పిలిపించి, కాఫీ ఇచ్చి, "ఆ స్పేసర్లు వద్దన్నది నేనే మేస్త్రీ, నిన్ను అనవసరంగా అన్నాను" అన్నాను. ఆయన కాఫీ గ్లాసు చూస్తూ, "గోడ కాడ ఖాళీ వదలడం మాత్రం నాకూ తెలవదమ్మా. వదిలితే బొద్దింకలు దూరతయ్యని సిమెంటు కూరతాం" అన్నాడు. ఆ తర్వాత మా మేనల్లుడూ ఆయనా నేల మీద చతికిలబడి శుభలేఖలతో మళ్ళీ గుడారాలు లేపుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నారు.

బాగుచేసిన పద్ధతి కూడా చెప్తాను, మీకు అవసరం పడొచ్చు. లేచిన రెండు పలకల్నీ మళ్ళీ సిమెంటు పెట్టి అతికించేస్తే వచ్చే ఎండలకి పక్కవి లేస్తాయి, నెట్టేవాడు అలాగే ఉన్నాడు కాబట్టి. అందుకని ముందు చుట్టూ స్కర్టింగ్ తీసి, కటింగ్ మిషనుతో గోడ పొడవునా టైలు అంచు 8 మిల్లీమీటర్లు కోసి సందు తెరిచారు. ఆ దుమ్ము సంగతి అడక్కండి. టీవీకి, సోఫాలకి దుప్పట్లు కప్పినా వారం రోజులు పప్పులో కూడా కరకరలాడింది. కళ్ళద్దాలు లేకుండా ఆ మిషను పట్టనివ్వద్దు.

లేచిన పద్నాలుగూ, డబ్ మన్న పంతొమ్మిదీ తీశారు. తీయడంలో ఆరు పగిలాయి. కింద అచ్చు పడిన సిమెంటు పొరని ఉలితో గీకేసి, గుంటలు పడిన చోట మాలు పోసి సరిచేసి, వారం రోజులు తడుపుతూ, ఆరబెడుతూ వదిలేశారు. అడ్హెసివ్ పలచగా పరిచేది, దాంతో గుంటలు పూడ్చకూడదు. పాత పలకల అంచులు రెండేసి మిల్లీమీటర్లు కోసి, వెనక తెల్లపొడి తోమి, కడిగి, ఆరబెట్టారు.

అతికించే రోజు నేను కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను, పిండివంటలు చూసినట్టు. పొడిని నీళ్ళలో పోసి కలిపి, కొన్ని నిమిషాలు వదిలేసి, మళ్ళీ కలపాలి. దువ్వెనలా పళ్ళున్న తాపీతో నేల మీద గీతలు పడేలా పరిచి, టైలు వెనక కూడా పలచగా పూశారు. మేస్త్రికి అలవాటు ప్రకారం నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి టైలు వేయబోతే మావాడు ఆపాడు. ముద్దల మధ్యంతా గాలే మిగులుతుంది. ఆ గాలి మీద బరువైంది పడిందా, అక్కడ పలక చిట్లుతుంది. మా వంటింట్లో గ్యాసు బండ పెట్టే మూల ఒక టైలు మూల విరిగింది అందుకేనని అప్పుడు తెలిసింది.

అడ్హెసివ్ రెండు మూడు టైల్సుకి సరిపడానే పరవాలి. ఎక్కువ పరిచి ఫోను మాట్లాడుకుంటూ కూర్చుంటే, మా ఊరి ఎండలకి పైన పెరుగు మీగడలా పొర కడుతుంది. వేలు పెడితే వేలికి అంటాలి. అంటలేదంటే గీకి పారేసి మళ్ళీ పరవాల్సిందే. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటి. అప్పుడే వేసిన టైలుని ఒకదాన్ని లేపి వెనక చూడాలి. కనీసం నూటికి ఎనభై వంతులు అంటుకుని ఉంటే సరిగ్గా వేస్తున్నట్టు. బాత్‌రూముల్లాంటి తడి చోట్ల ఇంకా నిండుగా, నూటికి తొంభై అయిదు ఉండాలి. ఇది చూడ్డానికి ఇంజనీరు అక్కర్లేదు. "ఒకటి ఎత్తి చూపించు మేస్త్రీ" అని మనమే అడగొచ్చు.

ఈసారి స్పేసర్లు పెట్టించాను. లేచిన చోట, హాలు మధ్యలో అడ్డంగా, ఒక జాయింటు మాత్రం 6 మిల్లీమీటర్లు వదిలి, అందులో గట్టి గ్రౌటు కాకుండా టైలు రంగులోనే రబ్బరులా సాగే సీలెంటు నింపారు. ఇళ్ళ లోపల ఆరేడు మీటర్లకి ఒకటి, ఎండ పడే చోట మూడు మీటర్లకే ఒకటి ఇలాంటి మెత్తటి జాయింటు ఉండాలట. మా హాలు పడమటెండ హాలు కాబట్టి మధ్యలో పెట్టారు. ఒకరోజంతా ఎవర్నీ అడుగు పెట్టనివ్వకుండా, మర్నాడు మిగతా జాయింట్లకి గ్రౌటు నింపారు.

పనిలో పనిగా వంటింటి గుమ్మం దగ్గరి పగులు కూడా చూపించాను. అది లేచింది కాదు. నాలుగు టైల్సు మీదుగా తిన్నగా, గీత గీసినట్టు చీలిన పగులు. వాటి మీద పప్పుగుత్తితో కొడితే 'టక్' మని గట్టిగానే ఉన్నాయి. అతుక్కోకపోవడం వల్ల వచ్చింది కాదన్నమాట. వంటిల్లు మేం తర్వాత పొడిగించింది. పాత కాంక్రీటుకీ కొత్తదానికీ మధ్య ఉన్న అతుకు మీదుగా టైల్సు వేసేశారు. కింద రెండు ముక్కలు చెరోవైపు కదిలితే, వాటిని గట్టిగా పట్టుకున్న పలక మధ్యలో చీలక ఏం చేస్తుంది? అక్కడ ఎంత మంచి అడ్హెసివ్ పెట్టినా లాభం లేదు. కింద అతుకు ఎక్కడుందో పైన కూడా సరిగ్గా అక్కడే మెత్తటి జాయింటు రావాలి. మా గుమ్మం కింద అలాగే చేశారు, గడప వరసలో కలిసిపోయింది. గుంటూరులో మా చెల్లెలి ఇంట్లోనూ పగులే గానీ, అది నల్లరేగడి నేల. వానలకి ఉబ్బి, ఎండలకి కుంగి, గోడ మీద కూడా ఏటవాలు పగుళ్ళు ఉన్నాయి. దానికి టైల్సు మేస్త్రి చేసేదేం లేదు, ముందు పునాది చూపించుకోవాలి. పగులు టైలు దగ్గరే ఆగిందా, గోడ ఎక్కిందా అన్నది చూసుకోండి.

పగిలిన ఆరింటి బదులు పెట్టడానికి ఆ రకం టైల్సు ఊరంతా వెతికాం. కంపెనీ అదే, పేరు అదే, రంగు మాత్రం వెన్నకీ నెయ్యికీ ఉన్నంత తేడా. పెట్టె మీద బ్యాచి నంబరూ, షేడు నంబరూ ఉంటాయట, అవి కలవకపోతే రంగు కలవదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పెట్టె ఒకటి ఉంటే అటక మీద చోటు దండగని పాత సామానువాడికి ఇచ్చేసింది కూడా నేనే. ఆ ఆరూ సోఫా కింద సర్దించాం. ఇంకెవరికీ తెలియదు, ఇప్పుడు మీకు తప్ప.

ఆ తర్వాత వేసవులు వచ్చాయి, పోయాయి. మధ్యాహ్నం ఎండ ఆ కిటికీలోంచి అలాగే పడుతోంది. జాయింట్లు నల్లబడతాయని అంత భయపడ్డానా, వారానికోసారి పాత టూత్‌బ్రష్షుతో సబ్బునీళ్ళు పెట్టి రుద్దితే పావుగంట పని. పోయిన సంక్రాంతికి గోడలకి రంగులు వేయించాం. పెయింటరు కుర్రాడు స్కర్టింగ్ కింద సందు చూసి, నాకు మేలు చేద్దామనుకుని, ఒకవైపు గోడంతా తెల్ల సిమెంటు నీటుగా కూరి పెట్టాడు. "బొద్దింకలు రావాంటీ" అన్నాడు. పాత హ్యాక్సా బ్లేడు చేతికిచ్చి, స్టూలు వేసుకు కూర్చుని, ఆ కూరిందంతా పచ్చిగా ఉండగానే మళ్ళీ గీకించాను. వాడు నన్ను అదోలా చూశాడు. కాఫీ ఇచ్చి, టీపాయ్ మీదున్న శుభలేఖలు రెండు తీశాను.